వార్డ్‌రోబ్‌లకు వచ్చిన హింజ్‌లు, హ్యాండిల్స్ సైజు తప్పు – మార్చి ఇవ్వవలసిందిగా

కాంట్రాక్టర్ గారికి,

నమస్కారం. మంగళవారం మీ మనిషి తెచ్చి ఇచ్చిన హార్డ్‌వేర్ పెట్టెలు నిన్న కార్పెంటర్ వచ్చాకే విప్పాం. పెట్టెలు తెరవకుండానే చలాన్ మీద సంతకం పెట్టాను, అది నా పొరపాటే. లెక్క అయితే సరిగ్గానే ఉంది: 36 హింజ్‌లు, 12 హ్యాండిల్స్. కానీ అందులో సగానికి పైగా మా వార్డ్‌రోబ్‌లకు పనికిరావు.

మూడు గదుల్లో కలిపి 9 షట్టర్లు, ఒక్కోదానికి నాలుగు హింజ్‌లు. పక్క పలకలకు బిగించేవి మా పడగ్గదివి రెండు, పిల్లల గదివి రెండు, అత్తగారి గదివి రెండు, మొత్తం ఆరు. ఆ ఆరింటికి 24 ఫుల్ ఓవర్‌లే, అంటే 0 క్రాంక్ హింజ్‌లు కావాలి. మధ్య పార్టిషన్‌కు బిగించే మిగతా మూడింటికి 12 హాఫ్ ఓవర్‌లే కావాలి. మీరు సంతకం చేసి ఇచ్చిన డ్రాయింగ్‌లోనూ ఇదే ఉంది.

హాఫ్ ఓవర్‌లే ఒక్కటీ రాలేదు. వాటి బదులు 12 ఇన్‌సెట్ హింజ్‌లు వచ్చాయి. మెడ బాగా వంగి ఉండే రకం, తలుపు పెట్టె లోపలికి కూర్చునే వార్డ్‌రోబ్‌లకు వాడేది. కార్పెంటర్ "ఒకసారి చూద్దాం మేడమ్" అని మా పడగ్గదిలో ఒక షట్టర్‌కు బిగించాడు. తలుపు పార్టిషన్ నుంచి పక్కకు జరిగిపోయి, పక్క షట్టర్ అంచుకు తగిలి ఆగిపోయింది. ఇటు చూస్తే పార్టిషన్ పలక అంచు మొత్తం బయటపడింది. స్క్రూ తిప్పి సర్దితే రెండు మూడు మిల్లీమీటర్లు కదులుతుందేమో గానీ, ఈ తేడా సర్దుబాటుతో పోయేది కాదు. బిగించి తీసిన ఆ నాలుగింటి మీద స్క్రూ గీతలు పడ్డాయి. వాడిన సరుకు అని వాటిని పక్కన పెట్టకండి. బిగిస్తే గానీ తేడా బయటపడలేదు.

ఇంకో 8 హింజ్‌ల సంగతి మరీ విచిత్రం. పెట్టె మీద 35 మి.మీ. కప్పు అని స్టిక్కర్ ఉంది, లోపల ఉన్నవేమో 26 మి.మీ. కప్పువి. ఫ్యాక్టరీలో షట్టర్లకు వేసిన రంధ్రాలు 35. కప్పు పెడితే గ్లాసులో రూపాయి బిళ్ల వేసినట్టు అటూ ఇటూ ఆడుతోంది. ఫుల్ ఓవర్‌లేలో సరైనవి 16 మాత్రమే. అవి మాకు పనికొస్తాయి, వాటిని తిరిగి పంపను.

ఇక హ్యాండిల్స్. షట్టర్లకు వేసిన రెండు రంధ్రాల మధ్య దూరం నేనే టేపుతో కొలిచాను, తొమ్మిదింటికీ 224 మి.మీ. వచ్చిన తొమ్మిది హ్యాండిల్సూ 192. "ఇంకో రంధ్రం వేసేద్దాం" అన్నాడు కార్పెంటర్. నేను వద్దన్నాను. అలా వేస్తే పాత రంధ్రం హ్యాండిల్ కిందకు రాదు, లామినేట్ మీద కన్నంలా ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. పుట్టీ పెట్టి రంగు కలిపినా తెలిసిపోతుంది. డ్రాయర్ల మూడు హ్యాండిల్స్ సైజు సరిపోయింది, కానీ వాటితో వచ్చిన స్క్రూలు 25 మి.మీ.వి. డ్రాయర్ ముందు పలక, వెనక పెట్టె పలక కలిపి 34 మి.మీ. మందం ఉంది, స్క్రూ అవతలికి చేరడమే లేదు. 45 మి.మీ. స్క్రూలు ఆరు పంపండి.

అంటే మార్చి ఇవ్వవలసినవి ఇవీ: ఇన్‌సెట్ 12 తీసుకుని హాఫ్ ఓవర్‌లే 12, 26 కప్పువి 8 తీసుకుని 35 కప్పు ఫుల్ ఓవర్‌లే 8, 192 హ్యాండిల్స్ 9 తీసుకుని 224వి 9. హింజ్‌లన్నీ సాఫ్ట్ క్లోజ్‌వే, మౌంటింగ్ ప్లేట్లతో సహా, ఇప్పుడున్న 16 ఏ కంపెనీవో అదే కంపెనీవి కావాలి. హ్యాండిల్స్ అదే మ్యాట్ బ్లాక్. రానుపోను రవాణా ఖర్చు, కార్పెంటర్ మళ్లీ వచ్చే రోజు కూలీ మీరే భరించాలి.

శనివారం సాయంత్రంలోపు సరుకు అందితే ఆదివారం కార్పెంటర్ వస్తానన్నాడు. ఆ రోజు దాటితే మళ్లీ పది రోజుల దాకా అతను దొరకడు. మా అత్తగారి చీరలు నెల రోజులుగా సూట్‌కేసుల్లోనే ఉన్నాయి, రోజూ ఒకటి తీయాలంటే మూడు మంచం మీదకు ఎక్కుతున్నాయి. మిగిలిన 20 శాతం డబ్బు తొమ్మిది షట్టర్లూ సరిగ్గా మూసుకున్న రోజే ఇస్తాను.

టేపు పక్కన పెట్టి తీసిన ఫొటోలు, చలాన్ కాపీ మీ ఫోన్‌కు పంపాను. ఏ రోజు మార్చి ఇస్తారో రేపు మధ్యాహ్నంలోపు రాతపూర్వకంగా చెప్పండి. ఈసారి పెట్టెలు మీ మనిషి ముందే విప్పి, కొలిచాకే సంతకం పెడతాను. అతన్ని ఒక అరగంట ఎక్కువ ఆగమని చెప్పి పంపండి.

ఇట్లు,
ఫ్లాట్ 302 యజమానురాలు