పేఅవుట్ హోల్డ్: విత్‌డ్రాయల్ WD-771904, కాంట్రాక్ట్ 40-2286, కారణం తెలపగలరు

పేమెంట్స్ టీమ్‌కు నమస్కారం.

మార్చి 11న పెట్టిన 324 డాలర్ల విత్‌డ్రాయల్ అదే రోజు నుంచి "On hold" అని చూపిస్తోంది. ఈ రోజు మార్చి 24. టికెట్ రెండుసార్లు వేశాను. రెండుసార్లూ "పరిశీలిస్తున్నాం" అన్న ఒకే ఆటోమేటిక్ జవాబు వచ్చింది, కారణం మాత్రం ఎక్కడా లేదు.

ఇది పన్నెండు శిక్షణ వీడియోలకు సబ్‌టైటిల్స్ చేసే ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్ట్. మూడు మైలురాళ్లు, ఒక్కోదానికి నాలుగు వీడియోలు, 360 డాలర్లు. మీ 10 శాతం ఫీజు పోగా 324. మొదటి రెండూ ఇదే బ్యాంకు ఖాతాకు, ఇదే పేరు మీద ఏ ఇబ్బందీ లేకుండా చేరాయి. ఆగింది మూడోదే.

దాని వివరాలు (సమయాలన్నీ UTC): ఫిబ్రవరి 17న క్లయింట్ ఎస్క్రోలో మొత్తం వేశారు. మార్చి 3న 14:12కి "Submit work" ద్వారానే నాలుగు SRT ఫైళ్లు పంపాను. మర్నాడు క్లయింట్, 11వ వీడియోలో 02:14 దగ్గర సబ్‌టైటిల్ అర సెకను ముందొస్తోందన్నారు. సరిచేసి అదే రోజు delivery_m3_v2.zip పెట్టాను. మార్చి 5న 09:40కి అప్రూవ్ చేసి డబ్బు విడుదల చేశారు. అయిదు రోజుల సెక్యూరిటీ గడువు 10న ముగిసింది. సవరణ అడిగిన మాట దాచడం లేదు. అప్రూవల్ దాని తర్వాతే వచ్చిందని గమనించండి.

జతచేసినవి: కాంట్రాక్ట్ PDF (మైలురాళ్ల నిబంధన 2వ పేజీలో), ఎస్క్రో నోటీసు, రెండు డెలివరీల స్క్రీన్‌షాట్లు, క్లయింట్ అప్రూవల్ మెసేజ్, ట్రాన్సాక్షన్ హిస్టరీ. స్క్రీన్‌షాట్లు ఎవరైనా మార్చగలరు కాబట్టి వాటినే నమ్మమనడం లేదు. మీ సర్వర్‌లోని v2 ఫైల్‌కు SHA-256 తీసి చూడండి, నా దగ్గరున్న కాపీది `9f3c41ae`తో మొదలవుతుంది.

దయచేసి ఈ మూడింటికి జవాబివ్వండి:

1. హోల్డ్ దేనివల్ల? గుర్తింపు ధృవీకరణా, ఖాతా పేరు తేడానా, పన్ను ఫారమా, లేక క్లయింట్ కార్డు చెల్లింపు వెనక్కి వెళ్లిందా? మొదటి మూడూ నా చేతిలో ఉన్న పనులు. చివరిదైతే అది క్లయింట్‌తో మీరు తేల్చుకోవలసిన విషయం, డిస్ప్యూట్ నోటీసు నాకింతవరకూ రాలేదు.
2. నా నుంచి ఏ పత్రం కావాలి, ఎక్కడ అప్‌లోడ్ చేయాలి?
3. ఏ తేదీకి తేలుస్తారు?

కారణం తెలిసేదాకా పేమెంట్ మెథడ్ మార్చను. మారిస్తే వెయిటింగ్ మళ్లీ మొదటికొస్తుందని మీ సెట్టింగ్స్ పేజీలోనే ఉంది. విత్‌డ్రాయల్‌ను రద్దు చేసి మళ్లీ పెట్టమని చెప్పేట్టయితే, అలా చేశాక హోల్డ్ ఉండదని రాతపూర్వకంగా చెప్పండి.

మార్చి 31లోగా జవాబు రాకపోతే, మీ నిబంధనల్లో ఉన్న ఫార్మల్ కంప్లయింట్ ప్రక్రియ కింద ఇవే పత్రాలతో ఫిర్యాదు చేస్తాను. ఈ టికెట్‌ను దయచేసి క్లోజ్ చేయకండి.

ఫ్రీలాన్సర్ ఖాతా: 5580317