అత్తా, థాంక్స్ అంటే తిడతావని తెలుసు

అత్తా, ఫోన్‌లో చెబుదామంటే మధ్యలోనే "ఇక ఆపవే నీ సోది" అని కట్ చేసేస్తావ్, అందుకే టైప్ చేస్తున్నా. పెద్ద మెసేజే ఇది. చదవడం కష్టంగా ఉంటే (ఎందుకు కష్టమో ఇప్పుడు నాకు తెలుసులే, ఆ సంగతికి తర్వాత వస్తా) మామయ్యని పైకి చదివి వినిపించమను.

ముందు నాన్న కబురు. నిన్నటితో బైపాస్ అయి ఆరు వారాలు నిండాయి. చెకప్‌లో ఛాతీ ఎముక బాగానే అతుక్కుంటోందన్నారు, బరువులు మాత్రం ఇంకా ఎత్తొద్దన్నారు. నరం తీసిన కాలికి వాపు కూడా బాగా తగ్గింది. ఆ మూడు బంతుల డబ్బా గుర్తుందా, మీ ఇంటికొచ్చిన మొదటిరోజు ఒక్క బంతి కూడా కదల్లేదు, నువ్వేమో పక్కన కూర్చుని "ఊదడం కాదురా, పీల్చాలి, చిన్నప్పట్నుంచీ చెప్పింది వినవు" అని తిట్టావ్. ఇప్పుడు మూడూ పైకి లేపి, అలాగే పట్టుకుని మావైపు గర్వంగా చూస్తున్నాడు. "అక్కకి వీడియో పంపించు" అంటాడు రోజూ. పంపిస్తాలే.

అసలు ఆ రాత్రి నేను నీకు ఫోన్ చేసి ఏం మాట్లాడానో కూడా నాకు సరిగా గుర్తులేదు. ఇక్కడ డాక్టర్ వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి అన్నాడు, అంబులెన్స్ సౌండ్, అమ్మ ఏడుపు, అందులో నీకేం వినపడిందో ఏమో. ఎంతమందిమి వస్తున్నామో నేను చెప్పలేదు, నువ్వూ అడగలేదు. తెల్లారగట్ల నేనూ పాపా నీ గుమ్మం ఎక్కేసరికి లైట్లన్నీ వేసున్నాయి, పక్కలు పరిచున్నాయి, ఫోన్ ఛార్జర్లకి ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా పెట్టేసి ఉంది. లెక్కపెడితే మనిషికొక పక్క, పైన ఒకటి ఎక్కువ. ఎవరికత్తా అది అంటే "మీ ఆయన శనివారం రాడా ఏంటి" అన్నావ్. నాకే తోచలేదు ఆ సంగతి.

ఇంకోటి చెప్పాలి, నిజంగా చెప్తున్నా, నీమీద నాకు కోపం కూడా వచ్చింది. నాన్న ఐసీయూలో ఉన్నన్నాళ్ళూ అమ్మ గోడకేసి చూస్తూ కూర్చునేది కదా, ఓ పొద్దున నువ్వు ఉతికిన బట్టల గుట్ట తెచ్చి ఆవిడ ముందు పడేసి "ఇవన్నీ మడత పెట్టు, నావల్ల కాదు" అన్నావ్. ఇలాంటప్పుడు కూడా ఆడపడుచు పెత్తనమేనా అనుకున్నా మనసులో, సారీ. కానీ అమ్మ మడతపెట్టడం మొదలుపెట్టి, నాన్న చొక్కా దగ్గరికొచ్చాక దాన్ని ముఖానికి అదుముకుని ఏడ్చింది చూడు, అన్ని రోజుల్లో అదే మొదటిసారి గట్టిగా ఏడవడం. నువ్వు వంటింట్లోంచి బయటికి రాలేదు. నన్నూ రానివ్వలేదు. ఆ సాయంత్రమే అమ్మ నిద్రపోయింది, అన్నం తింది. రెండూ తలకిందులుగా, ముందు నిద్ర తర్వాత తిండి, అయినా సరే.

మరి నేను చేసిందో? ఇన్సూరెన్స్ వాళ్ళు అప్రూవల్ ఇవ్వకుండా ఆ కాగితం ఈ కాగితం అని రెండ్రోజులు తిప్పితే ఆ చిరాకంతా ఇంటికొచ్చి నీమీద చూపించా, టీవీ సౌండ్ తగ్గించమని అరిచా, నీ ఇంట్లో నీ టీవీ! నువ్వు రిమోట్ తీసి ఆఫ్ చేసి, కంచం పెట్టి, "తిన్నాక అరువు, బలం ఉంటుంది" అన్నావ్. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

డిశ్చార్జ్ అయ్యాక నాన్నొక్కడికే ఉప్పు తగ్గిస్తే బాధపడతాడని ఏడుగురికీ అదే చప్పిడి వంట పెట్టావ్. తమ్ముడు జేబులో ఉప్పు పొట్లం పెట్టుకుని తిరిగాడు, నీకు తెలుసు, తెలిసీ ఊరుకున్నావ్. ఒక్క బాత్రూమ్‌కి ఏడుగురం, అది గొడవల్లేకుండా ఎలా నడిచిందో నాకింకా అర్థం కాలేదు. ఆ క్రెడిట్ కొంత మామయ్యది, పాపం నెలంతా అందరికంటే ముందు చీకట్లోనే లేచి స్నానం చేసేశారు. మామయ్యా, చదువుతుంటే మీకూ థాంక్స్. ఇంకా, అమ్మ మీ దిండు కింద పెట్టొచ్చిన కవరు మా బ్యాగ్ అడుగున టవల్‌లో చుట్టి దొరికింది. ఎప్పుడు పెట్టారో ఏంటో, దొంగలకి పాఠాలు చెప్పొచ్చు మీరిద్దరూ.

సరే, ఇప్పుడు అసలు విషయం. మొన్న ఆదివారం నువ్వు స్నానానికెళ్ళినప్పుడు మామయ్య ఫోన్ ఎత్తారు కదా, మాటల్లో నోరు జారారు, "మీ అత్త కంటి ఆపరేషన్‌కి మళ్ళీ డేట్ తీసుకోవాలమ్మా" అని. మళ్ళీ ఏంటి అని నేను గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పారు. శుక్లాలు ముదిరాయని, మేమొచ్చిన వారంలోనే ఆపరేషన్ ఉండాల్సిందని, నువ్వు ఫోన్ చేసి క్యాన్సిల్ చేశావని, మాకు చెబితే ఊరుకోనని ఒట్టు కూడా వేయించుకున్నావని.

ఫోన్ పెట్టేశాక ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఫ్రిజ్ మీద అతికించిన నాన్న మందుల చార్ట్, ఒక్కో అక్షరం అరచేయంత. నాన్నకి కనపడాలనేమో అనుకున్నా. మాత్రల స్ట్రిప్ పట్టుకున్నప్పుడల్లా నా కూతుర్ని పిలిచి "ఇదేంటో చదువు చూద్దాం" అనేదానివి, సెలవుల్లో దానికి చదువు చెప్పిస్తోంది అత్త అని అందరితో గొప్పగా చెప్పా నేను. అన్నిటికన్నా, నాన్న దగ్గినప్పుడు గుండెకి అదుముకోడానికని నువ్వు కుట్టిన ఆ చిన్న దిండు. కుట్లన్నీ వంకరటింకర. నాన్న "ఏంటక్కా, కళ్ళు కనపడట్లేదా" అని నవ్వాడు. నువ్వూ నవ్వావ్. మేమందరం నవ్వాం.

ఆ దిండు ఇప్పటికీ నాన్న పక్కమీదే ఉంది. ఈ విషయం ఆయనకి ఇంకా చెప్పలేదు.

కాబట్టి థాంక్స్ ఇలా మెసేజ్‌తో సరిపెట్టట్లేదు. వచ్చే నెల పది రోజులు లీవ్ పెట్టేశా, అప్రూవ్ అయిపోయింది కూడా. డాక్టర్ని అడిగి ఆ పది రోజుల్లో పడేలా డేట్ తీసుకో. నేనూ పాపా వస్తాం. చుక్కల మందు టైమింగ్స్ ఫ్రిజ్ మీద నేను అతికిస్తా, నీకంటే పెద్ద అక్షరాలతో. కంట్లో నీళ్ళు పడకూడదు, వంగి బరువులెత్తకూడదు, కన్ను నలపకూడదు, కాబట్టి వంటగది వైపు రావద్దు, వస్తే పాప విజిల్ వేస్తుంది, దానికి ఆ డ్యూటీ ఇచ్చేశా. చప్పిడి వంటే చేస్తా, పగ తీర్చుకోడానికి.

"చూద్దాంలే" అని మాత్రం రిప్లై పెట్టకు. పెట్టావంటే సంగతంతా నాన్నకి చెప్పేస్తా, ఆయన ఏడుస్తాడు, ఏడిస్తే ఛాతీ నొప్పెడుతుంది, ఆ పాపం నీదే. రేపు సాయంత్రంలోపు డేట్ చెప్పు.