నెల్లూరు ఎలక్ట్రీషియన్ సేవకు గూగుల్ శోధన ప్రకటన: తుది పాఠం

అయ్యా,

మన మాటల్లో మీరు చెప్పిన వాటిలో నలభై ఏళ్ల అనుభవం, నాణ్యమైన పని, తక్కువ ధర వంటివి ఏ ఎలక్ట్రీషియన్ అయినా చెప్పుకోగలిగినవే. ఫోన్ చేసిన గంటలోపు వస్తామని, రాలేకపోతే విజిటింగ్ ఛార్జీ తీసుకోమని మీరు ఇప్పటికే ఇస్తున్న హామీ మాత్రం మీది. అందువల్ల ప్రకటన మొత్తాన్ని ఆ ఒక్క మాట చుట్టూనే రాశాను.

శీర్షికకు 30, వివరణకు 90 అక్షరాలు మించకూడదు. తెలుగులో గుణింతం గుర్తు, పొల్లు, సున్న కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక, కంటికి ఆరు అక్షరాలుగా కనిపించే "ఎలక్ట్రీషియన్" పదమే 13 తింటుంది. మీరు సూచించిన "నెల్లూరులో నమ్మకమైన ఎలక్ట్రీషియన్" 33 అవుతుంది. అది సరిపోయినా నేను వదిలేసేవాణ్ణే, ఎందుకంటే నమ్మకం అనేది మనం చెప్పుకునేది కాదు, వచ్చినవారు చెప్పవలసినది.

శీర్షికలు, పక్కనే వాటి అక్షరాల సంఖ్య:

నెల్లూరు ఎలక్ట్రీషియన్ – 22
గంటలో మీ ఇంటికి వస్తాం – 22
గంట దాటితే విజిట్ ఫ్రీ – 22
మీ ఇంట్లోనే కరెంట్ లేదా? – 24
ఎంసీబీ ట్రిప్ అవుతోందా? – 23
ఉదయం 7 నుంచి రాత్రి 8 వరకు – 26

వివరణలు:

ఫోన్ చేసిన గంటలోపు మీ గుమ్మంలో ఉంటాం. గంట దాటితే విజిటింగ్ ఛార్జీ తీసుకోం. – 74

మాగుంట లేఅవుట్, దర్గామిట్ట, వేదాయపాళెం, బాలాజీ నగర్ ఇళ్లకు గంటలో ఎలక్ట్రీషియన్. – 79

ఒక గదిలో కరెంట్ పోయినా, ఎంసీబీ నిలవకపోయినా, స్విచ్ కాలినా గంటలో వచ్చి చూస్తాం. – 78

ప్రకటనలో మీ వెబ్ చిరునామా చివర కనిపించే రెండు చిన్న గళ్లలో "నెల్లూరు", "గంటలో" అని పెట్టాను.

కీలకపదాలను రెండు గుంపులుగా విడదీశాను. మనవాళ్లు తెలుగులో మాట్లాడినా ఫోన్‌లో ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలతోనే వెతుకుతారు కనుక, ప్రచారానికి రెండు భాషలనూ ఎంచాను.

```
[electrician in nellore]
"electrician near me"
"నెల్లూరు ఎలక్ట్రీషియన్"

"mcb tripping"
"no power in house"
"short circuit repair"
```

మొదటి గుంపులో వెతికేవారికి మనిషి కావాలి. అందుకని అక్కడ "నెల్లూరు ఎలక్ట్రీషియన్" మొదటి స్థానంలో, "గంటలో మీ ఇంటికి వస్తాం" రెండో స్థానంలో స్థిరంగా ఉంటాయి. రెండో గుంపులో వెతికేవారి ఎదురుగా సమస్యే ఉంది కనుక, ఆ సమస్యను అడిగే రెండు శీర్షికలనూ మొదటి స్థానానికే కట్టాను. వాటిలో ఒకటి వస్తుంది, దాని వెనుక మళ్లీ అదే గంట హామీ వస్తుంది. మూడో శీర్షిక అన్నిసార్లూ కనిపించదు కాబట్టి హామీని అక్కడికి వదలలేదు.

"మీ ఇంట్లోనే కరెంట్ లేదా?" అన్న శీర్షికలో "లోనే" అన్న మాటను దయచేసి తీసేయవద్దు. వీధంతా చీకటైతే అది విద్యుత్ శాఖ పని, ఫోన్ చేయవలసింది 1912కి. అటువంటి వారు మన ప్రకటనను నొక్కితే మీ డబ్బు పోతుంది, వారికీ ప్రయోజనం ఉండదు. ఆ "లోనే" వారిని నొక్కకముందే ఆపుతుంది. ఇదే కారణంతో ఈ పదాలున్న శోధనలకు ప్రకటన రాకుండా మినహాయించాను:

```
bill
1912
jobs
salary
iti
course
```

ఫోన్ నంబరును ప్రకటన పాఠంలో రాయడాన్ని గూగుల్ అనుమతించదు. అది కాల్ బటన్‌గా విడిగా వస్తుంది. శీర్షికల్లో ఆశ్చర్యార్థకం కూడా కుదరదు, దానివల్ల మనకు నష్టమేమీ లేదు.

మీ పనివాళ్లు రాత్రి 9 వరకు ఉన్నా ప్రకటనను 8 గంటలకే ఆపుతున్నాను, ఎందుకంటే 8 దాటి వచ్చిన కాల్‌కు గంట గడువు మీ పనివేళల్లో ఇమడదు. పరిధిని నగరం వరకే ఉంచాను. పెన్నా దాటి కోవూరుకు, ఇటు ముత్తుకూరుకు మీరు వెళ్తారని నాకు తెలుసు, కానీ ఇద్దరే మనుషులున్నప్పుడు అక్కడికి గంట హామీ ఇవ్వడం సాహసమే. ఆ ఊళ్లు కావాలంటే గంట ప్రస్తావన లేని వేరే ప్రకటన రాస్తాను.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలంలో తుపాను హెచ్చరిక ఉన్న రోజున నాకు ఒక్క ఫోన్ చేయండి, ప్రచారాన్ని ఆపేస్తాను. ఆ రోజుల్లో కాల్స్ ఎక్కువ వస్తాయి కనుక ఆపడం మీకు కష్టంగా తోచవచ్చు. అయినా నీళ్లు నిలిచిన వీధిలో గంటలో చేరలేని మనిషి కోసం డబ్బు పెట్టి ప్రకటించుకోవడం కంటే అదే నయం.

ప్రకటన నొక్కినవారు చేరే మీ పేజీలో ఇప్పుడు పైన ఫ్యాన్ల బొమ్మలు ఉన్నాయి. వాటి స్థానంలో మొదటి వివరణ వాక్యాన్ని అక్షరం మార్చకుండా పెట్టించండి. అది మారిన రోజునే ప్రచారాన్ని ప్రారంభిస్తాను.