లోపలి తుప్పు

ప్రిన్సిపల్ గారికి, తోటి అధ్యాపకులకు, ఆఫీసు, ల్యాబ్ సిబ్బందికి, పొద్దున్నే ఎండలో నిలబడిన మీ అందరికీ నమస్కారం.

గత నెల మన కెమిస్ట్రీ బ్లాక్ వరండాలో సన్‌షేడ్ నుంచి పెద్ద పెచ్చు ఒకటి ఊడి పడింది. తెల్లవారుజామున పడింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. నేను వెళ్లి చూశాను. పెచ్చు ఊడిన చోట ఇనుప చువ్వ బయటికి కనిపిస్తోంది. గోరుతో గీకితే పొరలు పొరలుగా రాలింది. చేతికి ఎర్రటి పొడి అంటుకుంది. ముందురోజు సాయంత్రం దాకా మనమందరం దాని కిందనుంచే నడిచాం. పైన సున్నం తెల్లగానే ఉంది, గోడ గోడలాగే ఉంది.

సముద్రం పక్కన బతికే మనకు తుప్పు కొత్త కాదు. బీచ్ రోడ్ వైపు ఇళ్లున్నవాళ్లు కిటికీ గ్రిల్స్‌కి ఎన్నిసార్లు రంగు వేయించినా మళ్లీ వేయించాల్సిందే. కానీ కాంక్రీటు లోపలి చువ్వ సంగతి వేరు. మంచి కాంక్రీటులో పీహెచ్ 12కి పైనే ఉంటుంది. ఆ క్షారత్వం వల్ల ఇనుము మీద కంటికి కనిపించని రక్షణ పొర ఒకటి ఏర్పడుతుంది. ఉప్పుగాలిలోని క్లోరైడ్ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా లోపలికి ఇంకి, ఒక రోజు ఆ పొరను ఛేదిస్తుంది. అక్కడినుంచి తుప్పు మొదలు. తుప్పుకి ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు కావాలి. అది లోపలినుంచి ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. పెచ్చు ఊడిన రోజు మనకు ఆఖరి రోజు మాత్రమే కనిపిస్తుంది. అంతకుముందు గడిచిన ఏళ్లు కనిపించవు.

నేను ఈరోజు మాట్లాడాలనుకున్నది చిన్నచిన్న అబద్ధాల గురించి. ఆ చువ్వ చూసినప్పటినుంచి ఈ మాట నా మనసులో తిరుగుతోంది.

పెద్ద మోసాల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మీలో ఎవరూ బ్యాంకు దోచుకోరు. నేను చెప్పేది మంచంమీద పడుకునే ఫోనెత్తి "మద్దిలపాలెం దాటాను, అయిదు నిమిషాల్లో ఉంటా" అనడం గురించి. పక్కవాడి బదులు "ప్రెజెంట్ మేడమ్" అనడం గురించి. మనకు తెలిసీ, వాళ్లకు తెలిసీ, అందరం నవ్వుకుని వదిలేసే మాటల గురించి. ఇవి తప్పని మనకు అనిపించదు. అనిపించకుండా సామెతలు కూడా తయారుచేసి పెట్టుకున్నాం. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు. అబద్ధమాడినా అతికినట్టుండాలన్నారు. నాకు రెండో సామెత చాలా బాధగా ఉంటుంది. అబద్ధం ఆడకు అనలేదు చూడండి, బాగా ఆడు అంది.

మన గేటు బయట టీ కొట్టు మీ అందరికీ తెలుసు. రెండేళ్ల కిందట అక్కడ ఎవరైనా "ఫోన్‌పే కొట్టేశాను అన్నా" అంటే ఆయన తలెత్తి కూడా చూసేవాడు కాదు. "సరే బాబూ" అని గ్లాసు అందించేవాడు. ఇప్పుడు ఆ కొట్టు మీద ఒక చిన్న పెట్టె ఉంది. డబ్బు పడగానే ఎంత వచ్చిందో గట్టిగా చెప్తుంది. అది మోగేదాకా గ్లాసు చేతికి రాదు. ఎందుకు పెట్టారని అడిగాను. పాత స్క్రీన్‌షాట్లు చూపించి వెళ్లిపోయేవాళ్లట. రోజూ కాదు, అందరూ కాదు. వారానికి ఒకరో ఇద్దరో. "ఏటి సెయ్యమంటారు మేడమ్, ఎవుడు నిజం సెప్తన్నాడో మొకం సూస్తే తెల్దు కదా" అన్నాడు. ఆ పెట్టెకు నెలనెలా అద్దె కడుతున్నాడు.

ఆయన నష్టపోయింది కొన్ని పది రూపాయలే. కానీ ఇప్పుడు నెట్‌వర్క్ సరిగ్గా లేని రోజు, నిజంగా డబ్బు కట్టిన పిల్ల కూడా ఆ పెట్టె వైపు చూస్తూ దొంగలా నిలబడుతోంది. మొన్న మన ఫస్ట్ ఇయర్ అమ్మాయి ఒకతి అలా నిలబడి ఉండగా నేను చూశాను. ఫోన్ ఆయన ముందు పెట్టి "నిజంగా వెళ్లాయి అన్నా, నిజంగా" అంటోంది. కళ్లలో నీళ్లు ఒక్కటే తక్కువ. ఆ పాత స్క్రీన్‌షాట్ చూపించినవాడు ఎవడో, ఆ సమయానికి ఎక్కడున్నాడో తెలియదు. వాడి బాకీ ఈ అమ్మాయి తీర్చింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. చిన్న అబద్ధం చెప్పినవాడికి ఏమీ కాదు. చాలాసార్లు దొరకడు కూడా. ఆ తర్వాత వచ్చి నిజం చెప్పినవాడికి శిక్ష పడుతుంది.

నేను కూడా ఒకరికి ఆ శిక్ష వేశాను. ఇక్కడికి రాకముందు ఇంకో కాలేజీలో చెప్పేదాన్ని. ఆ సెమిస్టర్‌లో ఇంటర్నల్స్ రాయలేదని, ఇంట్లో ఒంట్లో బాగాలేదని వరసగా వచ్చారు పిల్లలు. ఒకరి నాన్నకు జ్వరమన్నారు, తర్వాత ఆయనే బైక్ మీద వచ్చి కాలేజీ దగ్గర దింపి వెళ్లడం చూశాను. ఒకరి అమ్మమ్మ ఏడాదిలో రెండుసార్లు పోయింది. అలాంటి వారంలో ఒక అబ్బాయి వచ్చాడు. వెనక బెంచీ, నెమ్మదస్తుడు. నాన్న కేజీహెచ్‌లో ఉన్నాడు మేడమ్, అందుకే పరీక్షకి రాలేదు అన్నాడు. నేను పేపర్లు దిద్దుతూ, తలెత్తకుండా, "చీటీ తీసుకురా చూద్దాం" అన్నాను.

మర్నాడు తెచ్చాడు. నాలుగు మడతలు పెట్టిన ఓపీ చీటీ. చెమటకి మెత్తబడి, మడతల దగ్గర చిరిగిపోయేలా ఉంది. దాన్ని జాగ్రత్తగా విప్పి నా టేబుల్ మీద పెట్టాడు. నేను చదివేదాకా నిలబడి, మళ్లీ మడతపెట్టి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మాటల్లేవు. పరీక్ష మళ్లీ పెట్టించాను, మార్కులు వచ్చాయి, నాన్న కూడా కోలుకున్నాడు. కానీ ఆ తర్వాత ఉన్న రెండేళ్లలో ఆ అబ్బాయి నా దగ్గరికి ఒక్క సందేహం అడగడానికి కూడా రాలేదు. నేనేమీ తిట్టలేదు, అడిగిందల్లా ఒక కాగితం. అయినా అతనికి తెలిసిపోయింది, అతని మాట నా దగ్గర చెల్లలేదని.

అధ్యాపకురాలిగా నేను చేసిన తప్పు అది, ఎవరిమీదా నెట్టను. అయితే తలెత్తి చూడకపోవడం నాకు ఎప్పుడు అలవాటైందని ఆలోచిస్తే, ఒక రోజు దొరకదు. అమ్మమ్మ రెండోసారి పోయిన రోజు కొంత, బైక్ చూసిన రోజు కొంత. నమ్మకం పోయేటప్పుడు చప్పుడు రాదు. మోసపోయినవాళ్లు మన దగ్గరికి వచ్చి, ఇకనుంచి నిన్ను నమ్మను అని చెప్పరు. లోపల ఒక గడియ పెట్టుకుంటారు, అంతే.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు మీలో చాలామంది చిన్నపిల్లలు. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. చెట్లన్నీ పడిపోయాయి, కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. బ్యాంకులో జీతం ఉండి కూడా చేతిలో నోటు లేదు. మా వీధి చివర కిరాణా కొట్టాయన అరువు పుస్తకం తెరిచాడు. బియ్యం, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు. నా వంతు వచ్చినప్పుడు ఎప్పుడిస్తావని కూడా అడగలేదు, రాసుకున్నాడు. నా వెనక నిలబడిన ఆయన, నాకంటే ఉన్నవాడు, కొవ్వొత్తులు అడిగితే "అయిపోయాయండీ" అన్నాడు. అయిపోలేదు, నాకు పెట్టె కనిపిస్తూనే ఉంది. వారం గడిచాక ఎందుకలా అన్నారని అడిగాను. ఆయన ఎప్పుడూ ఇరవై రూపాయల దగ్గర, ముప్ఫై దగ్గర, మొన్నే ఇచ్చేశానుగా అని దబాయిస్తాడమ్మా అన్నాడు. ఇరవై రూపాయలకు ఎవరూ గొడవపడరు కాబట్టి ఆయన ప్రతిసారీ గెలిచాడు. ఊరంతా చీకటైన రాత్రి ఆయన పిల్లలకు కొవ్వొత్తి దొరకలేదు. కొట్టాయన చెప్పింది కూడా అబద్ధమే, అదీ నాకు నచ్చలేదు. అబద్ధాలు ఒకచోట ఆగవు, అవతలివాడి నోట్లోకి కూడా వెళ్తాయి.

ఇక మన ల్యాబ్. సెకండ్ ఇయర్ వాళ్లు తల దించుకోనక్కర్లేదు, వినండి.

పోయిన వారం టైట్రేషన్ రికార్డులు చూశాను. ఏడుగురి రికార్డుల్లో బ్యూరెట్ రీడింగులు 10.2, 10.2, 10.2. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అంతే. ఆ రోజు పొద్దున ఆ ద్రావణం నేనే కొత్తగా కలిపాను. గాఢత మార్చాను. ఆ ద్రావణానికి 10.2 రావడానికి వీల్లేదు. అది పోయినేడాది సీనియర్ల రికార్డులోని అంకె. ల్యాబ్ అసిస్టెంట్ గారిని అడిగితే, అంతకు ముందటేడు రికార్డులో కూడా అదే ఉందన్నారు. అంటే మూడేళ్లుగా మన బ్యూరెట్‌లు ఏమి చెప్తున్నాయో ఎవరూ చూడలేదన్నమాట.

రికార్డుకు అయిదు మార్కులు, దానికోసం ఇంత గొడవా అనుకోవచ్చు. మీలో చాలామంది డిగ్రీ అయ్యాక పరవాడ, అచ్యుతాపురం వైపు ఫార్మా కంపెనీల్లో క్యూసీకి వెళ్తారు. మన పాత విద్యార్థులు ఎందరో అక్కడే ఉన్నారు. అక్కడ కూడా రీడింగులే, అక్కడ కూడా కింద మీ సంతకమే. ఆడిటర్ ఒక్క అంకె కల్పించిందని పట్టుకుంటే ఆ ఒక్కదాన్ని కొట్టేసి ఊరుకోడు. ఆ నోట్‌బుక్ మొత్తం తిరగేస్తాడు. మీరు నిజంగా రాత్రి షిఫ్టులో కళ్లు నులుముకుంటూ తీసిన రీడింగులను కూడా అనుమానంగా చూస్తాడు. ఆ మాత్ర ఎవరి నాన్న మింగుతాడో మనకు తెలియదు. కేజీహెచ్ మంచంమీద ఉన్న ఆయనే కావచ్చు.

మనం కూడా, అంటే అధ్యాపకులం, దీనిలో ఉన్నాం. అంకెలు అచ్చుగుద్దినట్టు కలిస్తే పూర్తి మార్కులు వేసి, 9.8, 10.1, 10.3 అని నిజం రాసినవాడికి మార్కు తగ్గించాం. నిజం రాస్తే నష్టమని మీకు నేర్పింది మేమే. అందుకని డిపార్ట్‌మెంట్‌లో మాట్లాడుకున్నాం. ఈ నెలనుంచి రికార్డులో రీడింగులు ఎంత దగ్గరగా ఉన్నాయన్నదానికి మార్కులు ఉండవు. తేడా ఎందుకు వచ్చిందో మీరు ఆలోచించి రాసినదానికి ఉంటాయి. ఆ ఏడుగురి పేర్లు నేను ఎక్కడా రాయలేదు, రాయను. వాళ్లు మళ్లీ చేస్తారు, అంతే.

మధ్యాహ్నం రెండింటికి సెకండ్ ఇయర్ ల్యాబ్ ఉంది. బ్యూరెట్‌లు శుభ్రంగా కడిగి పెట్టించాను. కన్ను ద్రవమట్టానికి సమానంగా పెట్టి చూడండి. 9.8 వస్తే 9.8 రాయండి. మూడోసారి ఇంకోలా వస్తే అదే రాయండి. అడగాలనిపిస్తే నా టేబుల్ దగ్గరికి రండి, నేను తలెత్తి వింటాను.

నమస్కారం.