దినసరి నోట్‌బుక్: ఏ5 కొలత, 192 పుటలు, దారంతో కుట్టిన బైండింగ్

తెరిచిన చోట తెరిచి ఉండే పుస్తకం

ఒక చేత్తో రాస్తూ రెండో చేత్తో పుటను అదిమి పట్టుకోవలసిన అవస్థ ఉండకూడదన్న ఆలోచనతో దినసరిని తయారు చేశాము. బల్లమీద పెట్టి తెరిస్తే రెండు పుటలూ చదునుగా పరుచుకుంటాయి, నడుమ మడత దాకా అక్షరం రాయవచ్చు. మొదటి నాలుగైదు కాగితాలు మాత్రం అట్ట మందం వల్ల ఒకవైపు కొద్దిగా దిగి ఉంటాయి. గట్టి అట్ట ఉన్న ఏ పుస్తకానికైనా అది తప్పదు. అందుకే మొదటి నాలుగు పుటలను విషయసూచికకు కేటాయించి, అసలు రాత అయిదో పుట నుంచి మొదలయ్యేలా అమర్చాము.

*చిత్రం: బల్లమీద 96, 97 పుటల దగ్గర తెరిచి ఉన్న దినసరి నోట్‌బుక్, మీద చెయ్యి గానీ బరువు గానీ లేదు.*

కుట్టు ఎలా ఉంటుందో మీరే చూడవచ్చు

ఈ నోట్‌బుక్‌లో 12 ఫారాలు ఉంటాయి. నాలుగు పెద్ద కాగితాలను ఒకదానిమీద ఒకటి పేర్చి మధ్యకు మడిస్తే ఎనిమిది కాగితాల, అంటే 16 పుటల ఒక ఫారం తయారవుతుంది. సూది ప్రతి ఫారం మడతలో నుంచి దూరి, దారాన్ని పక్క ఫారానికి ముడివేస్తూ పోతుంది. ఇలా 12 ఫారాలూ ఒకదానితో ఒకటి కలిసిన తరువాతనే వెన్నుకు బంక రాస్తాము. ఆ బంక వెన్నును నిలబెట్టడానికే పనికివస్తుంది, కాగితాలను పట్టి ఉంచేది దారమే. కాగితాల అంచులను కోసి బంకతో మాత్రమే అతికించిన పుస్తకాన్ని వెనక్కి గట్టిగా విరిస్తే, బంక పగిలి కాగితాలు ఒక్కొక్కటిగా ఊడివస్తాయి. దారంతో కుట్టినదాన్ని అలా తెరిచినా కాగితం చోటు కదలదు.

పుటల అడుగున సంఖ్యలు ముద్రించి ఉంటాయి కనుక ఈ కుట్టును వెదకడం తేలిక. 8, 9 పుటల మధ్య తెరవండి, మడతలో తెల్లని నూలు దారం కనిపిస్తుంది. ఆ తరువాత 24, 25 పుటల మధ్య, 40, 41 పుటల మధ్య, అలాగే ప్రతి 16 పుటలకు ఒకసారి మళ్లీ కనిపిస్తుంది.

పుస్తకం చదునుగా పరుచుకోవడానికి కుట్టు ఒక్కటే చాలదు. కాగితంలోని నారలన్నీ ఎక్కువగా ఒకే దిశలో వాలి ఉంటాయి, ఆ దిశ పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉంటే పుట మెత్తగా తిరుగుతుంది, అడ్డంగా ఉంటే బిరుసుగా లేచి నిలబడుతుంది. కాగితాన్ని ఎటు కోస్తే తక్కువ వృథా అవుతుందో చూసుకొని నారల దిశను పట్టించుకోకపోవడం సులువే, అయితే ఆ పొదుపు కోసం మేము దిశను మార్చము.

*చిత్రం: 24, 25 పుటల మడతలో కనిపిస్తున్న నూలు దారం, దగ్గర నుంచి తీసినది.*

కాగితం: ఏ పెన్నుకు ఎలా స్పందిస్తుంది

అద్దుడు కాగితం మీద సిరా చుక్క పడగానే నలువైపులా పాకిపోతుంది, ఎందుకంటే దాని నారలకు సిరాను ఆపే పూత ఏదీ ఉండదు. రాసుకొనే కాగితానికి ఆ పూత ఎంత సమంగా పడితే అక్షరం అంచు అంత తేటగా నిలుస్తుంది. దినసరిలో వాడే 80 జీఎస్‌ఎం కాగితం లేత మీగడ రంగులో ఉంటుంది, మెరుపు లేనందువల్ల దీపం వెలుగులో కళ్లకు గుచ్చుకోదు. దీనిని ఆమ్లం లేకుండా తయారు చేయించాము, ఆమ్లం మిగిలిన కాగితం ఏళ్లు గడిచేకొద్దీ పసుపుబారి, మడత దగ్గర పెళుసెక్కుతుంది.

బాల్ పెన్, పెన్సిల్, జెల్ పెన్‌లతో రాస్తే రెండు వైపులా నిశ్చింతగా వాడుకోవచ్చు. సన్నని పాళీ ఉన్న ఇంకు పెన్నుతో రాసినా అక్షరం పాకదు, కాని వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే వెనక రాత నీడగా కనిపిస్తుంది. లావు పాళీకి, ఎక్కువ సిరా వదిలే పెన్నుకు ఈ కాగితం సరిపోదు, మార్కర్ అయితే అవతలి పుటకు కూడా దిగుతుంది. అలాంటి పెన్నులు మీ చేతి అలవాటైతే, ఈ నోట్‌బుక్‌కు బదులు ఇదే కొలతలో ఉన్న మా సిరా నోట్‌బుక్ తీసుకోవలసిందిగా కోరుతున్నాము.

వరుసకూ వరుసకూ మధ్య 7 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది, పుటకు 26 వరుసలు వస్తాయి. అక్షరం కింద వత్తు, పైన గుడి పడ్డప్పుడు కింది వరుసను తగలకుండా ఉండాలంటే అంతకన్నా తక్కువ ఎడం ఇరుకవుతుంది. గీతల రంగును లేత బూడిదగా ఉంచాము, రాసిన తరువాత కంటికి ముందుగా అక్షరమే కనిపించాలి.

*చిత్రం: ఒకే పుటమీద బాల్ పెన్, జెల్ పెన్, సన్నని పాళీ ఇంకు పెన్నులతో రాసిన మూడు వరుసలు, పక్కన అదే పుట వెనక వైపు.*

సంచిలో ఎంత బరువు

జీఎస్‌ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. ఏ0 కాగితం వైశాల్యం ఒక చదరపు మీటరు, దానిని సగానికి సగం కోస్తూ అయిదుసార్లు పోతే 148 మిల్లీమీటర్ల వెడల్పు, 210 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఏ5 వస్తుంది. అంటే ఒక చదరపు మీటరులో 32 ఏ5 కాగితాలు పడతాయి, 80 జీఎస్‌ఎంలో ఒక్కో కాగితం రెండున్నర గ్రాములు తూగుతుంది. దినసరిలోని 96 కాగితాలకు 240 గ్రాములవుతాయి, అట్ట బరువు దీనికి అదనం. కింది పట్టికలో నాలుగు నోట్‌బుక్‌లకూ ఇదే పద్ధతిలో కాగితాల బరువు ఇచ్చాము, అందువల్ల రోజూ వెంట తీసుకువెళ్లేవారు వాటిని సూటిగా పోల్చుకోవచ్చు.

ఇదే సగం లెక్కవల్ల మరొక సౌకర్యం ఉంది. ఏ4 కాగితాన్ని ఒక్కసారి మడిస్తే సరిగ్గా దినసరి పుటంత అవుతుంది కనుక విడి కాగితాన్ని పుటల మధ్య అంచు బయటికి రాకుండా దాచుకోవచ్చు, రెండుసార్లు మడిస్తే వెనక అట్ట లోపలి జేబులో పెట్టుకోవచ్చు.

మా నాలుగు నోట్‌బుక్‌లు: పోలిక పట్టిక

| | జేబు | దినసరి (ఈ పుటలోనిది) | సిరా | బల్ల |
|---|---|---|---|---|
| కొలత | ఏ6, 105 × 148 మి.మీ. | ఏ5, 148 × 210 మి.మీ. | ఏ5, 148 × 210 మి.మీ. | ఏ4, 210 × 297 మి.మీ. |
| పుటలు | 64 | 192 | 160 | 160 |
| కాగితం | 80 జీఎస్‌ఎం | 80 జీఎస్‌ఎం | 100 జీఎస్‌ఎం | 90 జీఎస్‌ఎం |
| కాగితాల బరువు, సుమారుగా | 40 గ్రాములు | 240 గ్రాములు | 250 గ్రాములు | 450 గ్రాములు |
| పుటమీద | గీతలు, 6 మి.మీ. ఎడం | గీతలు, 7 మి.మీ. ఎడం | చుక్కలు, 5 మి.మీ. ఎడం | ఏమీ లేదు |
| బైండింగ్ | మధ్యలో రెండు పిన్నులు | దారం కుట్టు | దారం కుట్టు | తీగ చుట్ట |
| అట్ట | మెత్తనిది | గట్టిది, కాలికో | గట్టిది, కాలికో | వెనక గట్టిది, ముందు మెత్తనిది |
| చదునుగా పరుచుకోవడం | చేత్తో అదమాలి | పరుచుకుంటుంది | పరుచుకుంటుంది | పూర్తిగా వెనక్కి మడుచుకుంటుంది |
| లావు పాళీ ఇంకు పెన్ను | తగదు | తగదు | తగినది | తగినది, ఒక వైపే రాస్తే |
| వెనక జేబు | లేదు | ఉంది | ఉంది | లేదు |
| ఎక్కువగా దేనికి | నడుస్తూ, నిలబడి రాసుకొనే చిన్న గుర్తులకు | రోజువారీ రాతకు, పాఠాల నోట్సుకు | ఇంకు పెన్ను రాతకు, పట్టికలకు, బొమ్మలకు | లెక్కలకు, నమూనాలకు, పెద్ద చిత్తుప్రతులకు |

దినసరి తీసుకోవాలా, సిరా తీసుకోవాలా

జేబుకూ బల్లకూ వాడుక వేరు కనుక వాటి విషయంలో సందేహం రాదు. కొలత, అట్ట, కుట్టు ఒకటే అయిన దినసరికీ సిరాకూ మధ్యనే ఎంచుకోవడం కష్టం, కాబట్టి వాటి గురించి కాస్త వివరంగా చెప్పవలసి ఉంది.

బరువులో తేడా పది గ్రాములే అయినా, దినసరిలో 32 పుటలు ఎక్కువ వస్తాయి. పుటలు త్వరగా నింపేవారికి, బాల్ పెన్ లేదా జెల్ పెన్ మాత్రమే వాడేవారికి సిరాలోని మందపాటి కాగితం వల్ల ప్రత్యేకమైన లాభమేమీ లేదు. ఇంకు పెన్ను వాడేవారికి మాత్రం ఆ తేడా మొదటి పుటలోనే తెలుస్తుంది. లావు పాళీతో రాసినా సిరా వెనక్కి దిగదు, రెండు వైపులా రాసుకోవచ్చు.

ఒక సంగతి ముందే చెప్పడం మా బాధ్యత. సిరా నోట్‌బుక్ కాగితం నునుపైనది, పూత దట్టమైనది కనుక రాసిన తడి ఆరడానికి దినసరి కన్నా ఎక్కువ సమయం పడుతుంది. ఎడమ చేతితో రాసేవారి చెయ్యి రాసిన అక్షరం మీదుగానే జరుగుతుంది, అటువంటివారు ఇంకు పెన్ను వాడుతుంటే సన్నని పాళీతో దినసరిలో రాసుకోవడమే మేలని మా అభిప్రాయం. నీటి రంగుల కోసం మా నాలుగింటిలో ఏ ఒక్కటీ తయారు కాలేదు, వీటి కాగితం తడికి ముడతలు పడుతుంది.

వాడకం, జాగ్రత్త

కొత్త నోట్‌బుక్‌ను నేరుగా నడిమికి విరవవద్దు. వెన్నును బల్లమీద ఆనించి, ముందు నుంచి కొన్ని కాగితాలు, వెనక నుంచి కొన్ని కాగితాలు మార్చి మార్చి తెరుస్తూ వేళ్లతో మడత పొడవునా మెల్లగా నిమరండి. నడిమికి చేరేసరికి వెన్ను అన్ని చోట్లా సమంగా వదులవుతుంది.

పుట చించవలసి వస్తే మడతకు కొద్ది దూరంలో కోయండి. కుట్టు పుస్తకంలో ప్రతి కాగితం అదే ఫారంలోని మరొక కాగితంతో కలిసి ఉంటుంది, ఒకదాన్ని మడత వరకూ లాగేస్తే దాని జతకాగితం వదులై, తరువాత ఎప్పుడో ఊడిపోతుంది. తరచుగా పుటలు చించి ఇచ్చే పని ఉన్నవారికి తీగ చుట్ట ఉన్న బల్ల నోట్‌బుక్ అనువైనది.

కాలికో అట్టమీద మరక పడితే పొడిగుడ్డతో అద్ది తీయండి, తడిగుడ్డతో రుద్దితే రంగు చారలు పడవచ్చు.

పెట్టెలో ఉండేవి

ముదురు నీలం కాలికో అట్ట ఉన్న దినసరి నోట్‌బుక్ ఒకటి, దానికే కుట్టిన గుర్తు రిబ్బను, వెనక జేబులో పెన్నులను పరీక్షించుకోవడానికి అదే కాగితంతో కోసిన విడి కాగితం ఒకటి ఉంటాయి. పెన్ను విడిగా తీసుకోవలసి ఉంటుంది. మీ పెన్నులన్నింటితో ముందుగా ఆ విడి కాగితం మీద రాసి, ఒక నిమిషం ఆగి వెనక్కి తిప్పి చూడండి.