బొట్టూ బొట్టూ ఎటు పోయావు?

(మూడు, నాలుగు తరగతుల పిల్లలకు. తరగతిని రెండు జట్లు చేయండి. ఒక జట్టు అడుగుతుంది, రెండోది నీటిబొట్టై బదులిస్తుంది. "టపటప" దగ్గర వేళ్ళతో బల్ల మీద కొట్టమనండి, చప్పుడెక్కువైనా పరవాలేదు.)

పిల్లలు:
బొట్టూ బొట్టూ ఎటు పోయావు?
పెన్నా ఇసుకలొ దాక్కున్నావా?

బొట్టు:
ఎండలు మండే ఏప్రిల్ నెలలో
ఆవిరినయ్యా చిత్రావతిలో.
తీగన చొక్కా ఆరిందంటే
నేనే అక్కడ లేనని, అంతే!
టీచరు చెప్పిన బాష్పీభవనం
నీరావిరిగా మారే పయనం.

పిల్లలు:
బొట్టూ బొట్టూ ఒంటరిగానా?
తోడుగ ఎవరూ రాలేదేనా?

బొట్టు:
అరేబియాలో అన్నలు లేచి
ఉప్పును మాత్రం అక్కడె విడిచి
నైరుతి గాలుల వీపున ఎక్కి
పడమటి కనుమల గోడకు చిక్కి
అవతలి వైపే కుమ్మేశారు,
మనకో చుక్కలు మిగిలించారు!
అనంతపురమూ! అలగకు, ఆగు,
అక్టోబరులో వానలు బాగు,
గాలులు దిక్కును మార్చుకునొస్తే,
బంగాళాఖాతం దయచేస్తే!

పిల్లలు:
బొట్టూ బొట్టూ మబ్బయినావా?
మబ్బులొ మళ్ళీ నీరయినావా?

బొట్టు:
పైపై కెళితే చలి చలి చలిగా
వణుకుతు చేరాం అందరు జతగా.
దుమ్మూ ధూళీ కణమొకటుంటే
దానికి గట్టిగ చుట్టుకునుంటే
ఆవిరి నీరుగ అయ్యే తరుణం,
పుస్తకమందున సాంద్రీకరణం.
బడిలో అన్నపు గిన్నెకు మూత
తీస్తే లోపల చెమటల పూత!

పిల్లలు:
బొట్టూ బొట్టూ బరువెక్కావా?
మా పొలమొస్తే దిగుతున్నావా?

బొట్టు:
మబ్బుకు బరువై పోయా నేను,
టపటప టపటప దూకేశాను!
చెనిక్కాయ పైరాకుల మీద,
గండికోట ఆ బండల మీద,
వడియాలారే మిద్దెల మీద...
అవ్వకు కోపం వానల మీద!
అవపాతమ్మని పేరే ఉంది,
అంటే వానే, టెన్షన్ ఏంది!

పిల్లలు:
బొట్టూ బొట్టూ పారేదెటుకో?
నేలన ఇంకీ దాగేదెటుకో?

బొట్టు:
రాయల కాలపు చెరువులు నిండె,
అలుగులు దూకే సందడి ఉండె.
కొందరు వంకలొ పరుగెత్తారు,
చిత్రావతితో కదిలెళ్ళారు.
పెన్నలొ కలిసీ గండిని దూరి
నెల్లూరవతల కడలిని చేరి
మళ్ళీ ఎండకు పైపై కెగిరి
మబ్బై వస్తారందరు తిరిగి.

నేనో? కుంటలొ కాసేపాగా,
మట్టిలొ లోపలి కింకా బాగా.
వేపకు దాహం, కొంచెం తాగె,
ఆకుల గుండా ఆవిరి సాగె.
మిగిలిన నన్నే వెదికెను బోరు,
వందల అడుగులు దిగితే నీరు!
బిందెలొ నేనే, తొట్టిలొ నేనే,
తాగే గ్లాసులొ ఉన్నది నేనే.
కిందొలికిందా? ఎండే ఉంది,
చిటికెలొ నాకే రెక్కొస్తుంది!