మన వీధి రోడ్డు: పని 14 రోజులు, ఆగాల్సింది 56 రోజులు

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలున్నాయి.

సోమవారం పని మొదలవుతుంది. మొత్తం 70 రోజులు పడుతుంది. ఇంత చిన్న వీధికి అన్ని రోజులా అని చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందులో మనుషులు, మిషన్లు పనిచేసేది 14 రోజులే. మిగతా 56 రోజులు కాంక్రీటు గట్టిపడే దాకా ఆగడం.

మొదటి 6 రోజులు మంచినీళ్ల పైపు పని. రోడ్డు వేశాక లీకేజీ బయటపడితే మళ్లీ తవ్వాలి, అందుకే ముందు అది. తర్వాత వీధిలో ఎడమ సగం. 3 రోజులు పాత రోడ్డు తీసేసి, కంకర పరిచి రోలర్‌తో తొక్కిస్తారు. నాలుగో రోజు కాంక్రీటు పోస్తారు. ఆపైన 28 రోజులు దాని మీదికి బండి ఎక్కకూడదు. అది అయ్యాకే కుడి సగం, అదే లెక్కన. రెండు సగాలూ ఒకేసారి తవ్వితే నెల రోజులు ముందే అయిపోతుంది, నిజమే. కానీ రాత్రిపూట ఎవరికైనా ప్రాణం మీదికొస్తే అంబులెన్సు లోపలికి రాలేదు. అందుకే నేను ఒప్పుకోలేదు.

28 రోజులు ఎందుకంటే, సిమెంటు ఎండితే గట్టిపడుతుందని అనుకుంటాం. కాదండీ, నీళ్లు తాగి గట్టిపడుతుంది. ఎండిపోతే పగుళ్లిస్తుంది. అందుకే మొదటి 14 రోజులు గోనె సంచులు పరిచి తడుపుతూనే ఉంటారు. సంచులు ఆరిపోయి కనిపిస్తే వెంటనే నాకు ఫోన్ చేయండి, ఏ టైమైనా సరే. వారం తిరిగేసరికి పైకి రాయిలా కనిపిస్తుంది గానీ, అప్పటికి వచ్చేది మూడింట రెండొంతుల బలమే.

వాటర్ ట్యాంకు మలుపు దగ్గర టైరు అచ్చు చూశారు కదా? పోయినసారి పోసిన మర్నాడే ఎవరో అడ్డం పెట్టిన రాళ్లు జరిపి బండి పోనిచ్చారు. ఆ గాడిలో ఇప్పటికీ నీళ్లు నిలుస్తున్నాయి. బడికెళ్లే పిల్లలు అక్కడే జారిపడుతున్నారు. ఎవరు చేశారన్నది నాకు వద్దు. ఈసారి ఆ రాళ్లు మాత్రం ఎవరూ కదపొద్దు, చేతులెత్తి అడుగుతున్నాను.

పోసే రోజు వాన పడితే పని వాయిదా పడుతుంది. వానలో పోస్తే పైన సిమెంటంతా కొట్టుకుపోతుంది. అలా వాయిదా పడితే ఆ సాయంత్రమే కొత్త తేదీ ఈ హాలు గోడకు అంటిస్తాను.

ఇంకో ముఖ్యమైన మాట. కొత్త కుళాయి కనెక్షన్ కావాల్సినవాళ్లు ఆ మొదటి 6 రోజుల్లోనే వేయించుకోండి. రాములమ్మగారిలా మంచంలో ఉన్నవాళ్లు, నెలలు నిండినవాళ్లు ఎవరింట్లో ఉన్నా ఇప్పుడే చెప్పండి. ఆ గుమ్మాల ముందు పలకలు వేయిస్తాను, రాసుకుంటున్నాను. ముందు ఎవరు చెబుతారు?